పొట్టనీటికి రెండు లెక్కలు: ఒక తీసివేత, ఒక గుణకారం

లివర్ జబ్బుతో పొట్ట ఉబ్బి ఆసుపత్రిలో చేరినవాళ్లకు సూదితో కొంచెం నీరు తీసి ల్యాబ్‌కు పంపుతారు. కొన్ని గంటల్లో రిపోర్టు వస్తుంది. నీటి రంగు, ప్రొటీన్, అల్బుమిన్, గ్లూకోజు, కణాల సంఖ్య అంటూ అందులో పది పన్నెండు వరసలుంటాయి. డాక్టరుకు ముఖ్యంగా కావలసిన రెండు అంకెలు మాత్రం చాలా రిపోర్టుల్లో కనిపించవు. ఉన్న అంకెల నుంచి వాటిని వేసుకోవాలి. మొదటిది తీసివేత, రెండోది గుణకారం. రెండూ నోటి లెక్కలే.

మొదటి లెక్క నీరు ఎందుకు చేరిందో చెబుతుంది. రెండో లెక్క ఆ నీటిలో ఇప్పుడు ఇన్ఫెక్షన్ ఉందో లేదో చెబుతుంది. మొదటిది సాధారణంగా ఒక్కసారి తేలితే చాలు. రెండోది నీరు తీసిన ప్రతిసారీ వేయాలి. ఈ తేడా తెలియక, ‘నీళ్ల పరీక్ష మొన్ననే చేయించాం కదా’ అని రెండోదాన్ని వదిలేయడం వల్ల ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి.

నమూనా రోగి, నమూనా రిపోర్టు

లెక్క అర్థం కావడానికి ఒక రోగిని ఊహించుకుందాం. వయసు 52, బరువు 60 కిలోలు. చాలా ఏళ్లు మద్యం తాగి లివర్ గట్టిపడింది, అంటే సిర్రోసిస్. పొట్టలో నీరు చేరి ఆర్నెల్లయింది. రెండు రోజులుగా తిండి సయించడం లేదు, కాస్త మగతగా ఉన్నాడు, మూత్రం తగ్గింది. జ్వరం లేదు, పొట్ట నొక్కితే పెద్దగా నొప్పి కూడా లేదు. ఆసుపత్రిలో చేరగానే రక్తం, పొట్టనీరు రెండూ తీశారు. రిపోర్టులో ఇవి ఉన్నాయి:

- రక్తంలో అల్బుమిన్: డెసిలీటరుకు 2.4 గ్రాములు
- పొట్టనీటిలో అల్బుమిన్: డెసిలీటరుకు 0.6 గ్రాములు
- పొట్టనీటిలో మొత్తం ప్రొటీన్: డెసిలీటరుకు 1.1 గ్రాములు
- పొట్టనీటిలో తెల్లకణాలు: ఘనపు మిల్లీమీటరుకు 640
- వాటిలో న్యూట్రోఫిల్స్ 75 శాతం, లింఫోసైట్లు 25 శాతం
- ఎర్రకణాలు: ఘనపు మిల్లీమీటరుకు 15,000
- రక్తంలో క్రియాటినిన్: 1.4

ఈ ఏడు వరసలతోనే రెండు లెక్కలూ పూర్తవుతాయి.

మొదటి లెక్క: నీరు ఎక్కడిది?

రక్తంలోని అల్బుమిన్ నుంచి పొట్టనీటిలోని అల్బుమిన్‌ను తీసేయాలి. మన రోగికి 2.4లోంచి 0.6 పోగా 1.8 వస్తుంది. ఈ తేడాను డాక్టర్లు ‘సాగ్’ అంటారు. అది 1.1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే నీరు చేరడానికి కారణం పోర్టల్ సిరలో పెరిగిన ఒత్తిడి. పేగుల నుంచి లివర్‌కు రక్తం మోసుకెళ్లే పెద్ద సిర అది. తేడా 1.1 కన్నా తక్కువైతే కారణం వేరే చోట, చాలాసార్లు పొట్ట లోపలి పొరలోనే వెతకాలి.

ఒక తీసివేత ఇంత ఎలా చెప్పగలదు? అల్బుమిన్ నీటిని తనవైపు లాగి పట్టుకునే ప్రొటీన్. గట్టిపడిన లివర్‌లో రక్తం సాఫీగా పారదు, వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రక్తంలోని నీరు బయటికి కారుతుంది కానీ అల్బుమిన్ ఎక్కువ భాగం రక్తంలోనే ఉండిపోతుంది. బయటికి నెట్టే ఒత్తిడి, లోపలికి లాగే అల్బుమిన్ ఒకదానికొకటి సరితూగే దాకా కారడం ఆగదు. అంటే వెనక ఒత్తిడి ఎంత ఎక్కువైతే రెండు వైపులా అల్బుమిన్ తేడా అంత ఎక్కువ. పోర్టల్ సిరలోకి గొట్టం పెట్టి కొలవాల్సిన ఒత్తిడిని ఈ తేడా పరోక్షంగా చూపిస్తుంది.

పొట్ట పొరకు క్షయ సోకినా, క్యాన్సర్ పాకినా జరిగేది ఇంకోటి. అక్కడ నీటిని ఒత్తిడి నెట్టదు. వాచిన పొరే ప్రొటీన్‌తో సహా నీటిని వదిలేస్తుంది. పొట్టనీటిలో అల్బుమిన్ రక్తంలో ఉన్నంతకు దగ్గరగా వస్తుంది కాబట్టి తేడా తగ్గిపోతుంది. ఇంట్లో గోడ చెమ్మగిల్లితే, గోడలో పోతున్న పైపు ఒత్తిడికి కారుతోందా, గోడ పూతే చెడిందా అని మేస్త్రి ముందు తేల్చుకుంటాడు. సాగ్ చేసే పని అదే.

అంతకుముందు డాక్టర్లు నీటిలోని మొత్తం ప్రొటీన్ 2.5 గ్రాములు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి కారణం ఊహించేవారు. 1992లో అమెరికాలో బ్రూస్ రన్యన్ బృందం 901 జతల నమూనాలను, అంటే రక్తం, పొట్టనీరు కలిపి, పరీక్షించి రెండు పద్ధతులనూ పోల్చింది. పాత పద్ధతి దాదాపు 56 శాతం సార్లే సరిపోయింది. అల్బుమిన్ తేడా దాదాపు 97 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. దాంతో ఈ లెక్క పాత పద్ధతి స్థానంలోకి వచ్చింది.

అయితే మొత్తం ప్రొటీన్‌కు పనిలేకుండా పోలేదు. సాగ్ 1.1 దాటినప్పుడు అది రెండో ప్రశ్నకు జవాబిస్తుంది. ఒత్తిడి లివర్‌లోనే పుట్టిందా, లివర్ దాటి గుండె దగ్గర పుట్టిందా? గుండె నీరసించి నీరు చేరినప్పుడు లివర్ కణజాలం ఇంకా బాగానే ఉంటుంది కాబట్టి ప్రొటీన్ కూడా కారుతుంది, మొత్తం ప్రొటీన్ సాధారణంగా 2.5 దాటుతుంది. గట్టిపడిన లివర్ నుంచి కారే నీటిలో అంత ఉండదు. మన రోగికి సాగ్ 1.8, ప్రొటీన్ 1.1. రెండూ సిర్రోసిస్ వైపే చూపిస్తున్నాయి.

తీసివేత ఎక్కడ తప్పుతుంది?

లెక్క సులువే కానీ అందులోకి వెళ్లే అంకెలు సరిగ్గా ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, నీరు ఇవాళ తీసి, రక్తంలో అల్బుమిన్ మాత్రం పోయినవారం రిపోర్టులోంచి తీసుకోవడం. మధ్యలో అల్బుమిన్ సీసా ఎక్కించి ఉంటే ఆ తేడాకు అర్థమే ఉండదు. రెండు నమూనాలూ ఒకే రోజు, వీలైతే ఒకే గంటలో తీయాలి.

రెండోది, రక్తంలోనే అల్బుమిన్ అడుగంటిన రోగి. రక్తంలో 1.0 గ్రామే ఉంటే నీటిలో ఏమీ లేకపోయినా తేడా 1.1 కాలేదు. అంటే పోర్టల్ ఒత్తిడి ఉన్నా లెక్క లేదనే చెబుతుంది. మూడోది పాలలా తెల్లగా వచ్చే నీరు. అందులోని కొవ్వు అల్బుమిన్ కొలతకే అడ్డుపడుతుంది.

నాలుగోది మన దగ్గర గుర్తుంచుకోవాల్సింది. లివర్ గట్టిపడిన మనిషికి పొట్టలో క్షయ కూడా సోకవచ్చు. అప్పుడు పోర్టల్ ఒత్తిడి సాగ్‌ను పైనే ఉంచుతుంది, క్షయ దాని చాటున ఉండిపోతుంది. 1.1 దాటింది కాబట్టి క్షయ లేదనుకోకూడదు. సాగ్ చెప్పేది పోర్టల్ ఒత్తిడి ఉందనే. ఇంకేమీ లేదని అది చెప్పదు.

రెండో లెక్క: చీము కణాలెన్ని?

రెండో ప్రశ్నకు వస్తే, ఇక్కడ గడియారం పరిగెడుతుంది. లివర్ గట్టిపడినవాళ్లకు పేగుకు చిల్లు పడకుండానే, పొట్టలో ఎక్కడా గాయం లేకుండానే పొట్టనీటికి బ్యాక్టీరియా సోకుతుంది. ఏ కారణమూ బయటికి కనబడదు కాబట్టే 1964లో అమెరికా డాక్టరు హెరాల్డ్ కాన్ దాన్ని తనంతట తాను వచ్చే పొట్ట పొర ఇన్ఫెక్షన్‌గా వర్ణించాడు. డాక్టర్లు పొడి అక్షరాల్లో ఎస్‌బీపీ అంటారు. పేగులో మామూలుగా ఉండే ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి పేగు గోడ దాటి, లింఫ్ గ్రంథుల మీదుగా రక్తంలోకి, అక్కణ్ణుంచి పొట్టనీటిలోకి చేరతాయి. ఆరోగ్యవంతుల్లో దారిలోనే చచ్చిపోయేవి. సిర్రోసిస్ రోగి పొట్టనీటిలో క్రిములను చంపే ప్రొటీన్లు పలచబడి ఉంటాయి కాబట్టి అక్కడ బతికి పెరుగుతాయి. ప్రొటీన్ 1.5 గ్రాముల కన్నా తక్కువున్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మన రోగికి అది 1.1.

బ్యాక్టీరియా చేరగానే శరీరం న్యూట్రోఫిల్స్‌ను పంపుతుంది. కొన్ని రిపోర్టుల్లో వీటిని పాలీమార్ఫ్స్ అని రాస్తారు. చీములో ఉండేవి ఇవే. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. న్యూట్రోఫిల్స్ సంఖ్య మాత్రం గంటల్లో తెలుస్తుంది కాబట్టి దాని మీదే వైద్యం మొదలవుతుంది.

లెక్క ఇది: మొత్తం తెల్లకణాల సంఖ్యను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించాలి. మన రోగికి 640లో 75 శాతం, అంటే 480. ఘనపు మిల్లీమీటరుకు 250 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఎస్‌బీపీగా భావించి యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెడతారు. కొన్ని ల్యాబ్‌లు లీటరు లెక్కన 0.25 అని, పక్కన పది టు ద పవర్ నైన్ అని వేస్తాయి. అది కూడా 250యే. ప్రమాణం చూడకుండా 0.48 అని చదివి ‘సున్నాకు దగ్గరగా ఉంది’ అనుకుంటే పొరపాటు.

గీత 250 దగ్గరే ఎందుకు గీశారు? 500 అని పెట్టుకుంటే ఇన్ఫెక్షన్ లేనివాళ్లకు అనవసరంగా మందివ్వడం తగ్గుతుంది, కానీ ఉన్నవాళ్లు కొందరు తప్పించుకుపోతారు. ఇక్కడ తప్పించుకుపోవడమంటే చనిపోవడం. అయిదు రోజుల యాంటీబయాటిక్ ఒకరికి ఎక్కువగా ఇచ్చినా ఫరవాలేదని ఎంచుకుని తక్కువ గీతనే ఖాయం చేశారు.

మొత్తం సంఖ్య మోసం చేసే చోటు

రిపోర్టు చదివేవాళ్ల చూపు ముందుగా మొత్తం తెల్లకణాల మీదే పడుతుంది. అక్కడే తప్పు జరుగుతుంది. ఇద్దరు రోగులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకరికి మొత్తం 900 కణాలు, వాటిలో న్యూట్రోఫిల్స్ 20 శాతం. ఇంకొకరికి మొత్తం 300 కణాలే కానీ న్యూట్రోఫిల్స్ 90 శాతం. 900 అంకె చూసి గాభరా పడతాం, 300 చూసి ఊరట పొందుతాం. గుణించి చూస్తే మొదటాయనకు 180, రెండో ఆయనకు 270. ఎస్‌బీపీ ఉన్నది రెండో ఆయనకు.

మొదటాయనను కూడా ఇంటికి పంపేయకూడదు. 900 కణాల్లో ఎక్కువ భాగం లింఫోసైట్లయితే, సాగ్ కూడా 1.1 కన్నా తక్కువైతే, ఆలోచించాల్సింది క్షయ, క్యాన్సర్ గురించి. అప్పుడు నీటిలో ఏడీఏ పరీక్ష, క్యాన్సర్ కణాల పరీక్ష, అవసరమైతే పొర ముక్క తీసి చూడటం. అక్కడ రెండు లెక్కలూ ఒకదానికొకటి తోడవుతాయి.

రక్తం కలిసిన నీరు

మన రోగి రిపోర్టులో ఎర్రకణాలు 15,000 ఉన్నాయి. సూది గుచ్చినప్పుడు చిన్న రక్తనాళం తగిలితే ఇలా అవుతుంది. ఆ రక్తంతో పాటు అందులోని న్యూట్రోఫిల్స్ కూడా నీటిలోకి వచ్చేస్తాయి కదా, వాటిని మినహాయించాలి. వాడుకలో ఉన్న పద్ధతి, ప్రతి 250 ఎర్రకణాలకు ఒక న్యూట్రోఫిల్‌ను తీసేయడం. ఎర్రకణాలు 10,000 దాటినప్పుడు ఇది తప్పకుండా చేస్తారు.

15,000ను 250తో భాగిస్తే 60. 480లోంచి 60 పోగా 420 మిగులుతుంది. అయినా 250 పైనే ఉంది కాబట్టి తీర్పు మారలేదు. కానీ ఇదే రోగికి న్యూట్రోఫిల్స్ 290 ఉండి, ఎర్రకణాలు 15,000 ఉండి ఉంటే 230కి దిగేది. ఒకే సవరణ ఒకచోట ఏమీ మార్చదు, ఇంకోచోట వైద్యాన్నే మార్చేస్తుంది.

నమూనా ల్యాబ్ చేరేలోపు

ఈ సంఖ్య నమ్మదగినదిగా ఉండాలంటే పని మంచం పక్కనే మొదలవాలి. కణాల లెక్కకు పంపే నీటిని ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో పోయాలి. మామూలు ట్యూబులో పోస్తే గడ్డలు కట్టి కణాలు అందులో చిక్కుకుంటాయి, సంఖ్య తగ్గి కనిపిస్తుంది. రాత్రి తీసి పొద్దున దాకా బల్ల మీద ఉంచితే న్యూట్రోఫిల్స్ పగిలిపోతాయి. రిపోర్టు మామూలుగా ఉన్నట్టే వస్తుంది కానీ అది రోగి పొట్టలో ఉన్న సంగతి కాదు.

కల్చర్‌కు ఇంకో పద్ధతి. సీసాలో నీరు పట్టి ల్యాబ్‌కు పంపితే సగం మందిలో కూడా క్రిమి పెరగకపోవచ్చు. ఎందుకంటే ఎస్‌బీపీలో బ్యాక్టీరియా సంఖ్య చాలా తక్కువ. నీరు తీసిన చోటే కనీసం 10 మిల్లీలీటర్లను రక్తం కల్చర్ సీసాల్లోకి ఎక్కిస్తే క్రిమి దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. ఇవన్నీ మొదటి డోసు యాంటీబయాటిక్ పడకముందే జరగాలి.

ఇంత జాగ్రత్త తీసుకున్నా కల్చర్, కణాల లెక్క ఒకమాట చెప్పకపోవచ్చు. న్యూట్రోఫిల్స్ 250 దాటి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే దాన్ని ఎస్‌బీపీగానే చూస్తారు, మందు ఆపరు. క్రిమి పెరిగి న్యూట్రోఫిల్స్ మాత్రం 250 లోపే ఉంటే, రోగికి జ్వరం, నొప్పి లాంటి లక్షణాలున్నాయా అని చూస్తారు. ఉంటే మందు, లేకపోతే మళ్లీ నీరు తీసి లెక్క.

చిల్లు పడిందా?

న్యూట్రోఫిల్స్ వేలల్లో ఉంటే, కల్చర్‌లో ఒకటి కన్నా ఎక్కువ రకాల క్రిములు పెరిగితే డాక్టరుకు వేరే అనుమానం రావాలి. అది తనంతట తాను వచ్చినది కాకపోవచ్చు. పేగుకు చిల్లు పడిందేమో, అపెండిక్స్ పగిలిందేమో. నీటిలో గ్లూకోజు 50 మిల్లీగ్రాముల కన్నా పడిపోవడం, ప్రొటీన్ 1 గ్రాము దాటడం, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము రక్తంలో ఉండాల్సిన గరిష్ఠ హద్దును మించడం. ఈ మూడింటిలో రెండున్నా స్కాన్ తీయాల్సిందే. ఎస్‌బీపీకి యాంటీబయాటిక్ చాలు, చిల్లుకు ఆపరేషన్ కావాలి. తారుమారైతే రెండూ ప్రమాదమే. మన రోగి ప్రొటీన్ 1.1 కాబట్టి ఒక గుర్తు ఉన్నట్టే. గ్లూకోజు, ఎల్‌డీహెచ్ కూడా చూసి, అవి మామూలుగా ఉంటేనే ఈ అనుమానాన్ని పక్కన పెడతారు.

420 తర్వాత ఏం చేస్తారు?

ఇంటి నుంచి వచ్చిన రోగికి సాధారణంగా సెఫోటాక్సిమ్ 2 గ్రాములు, 8 గంటలకోసారి, అయిదు రోజులు ఇస్తారు. అప్పటికే ఆసుపత్రిలో ఉండి, అక్కడ ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నవాళ్లకు ఆ మందుకు లొంగని క్రిములుండొచ్చు కాబట్టి మొదటే బలమైన మందులు ఎంచుకుంటారు.

యాంటీబయాటిక్‌తో పాటు అల్బుమిన్ ఎక్కిస్తారు. ఇది ఖరీదైనది కాబట్టి కుటుంబాలు ‘ఇదెందుకు?’ అని అడగడం సహజం. ఎస్‌బీపీలో ప్రాణం తీసేది చాలాసార్లు ఇన్ఫెక్షన్ కాదు, దాని వెంట పాడయ్యే కిడ్నీలు. 1999లో స్పెయిన్ డాక్టర్లు 126 మంది రోగుల మీద చేసిన అధ్యయనంలో యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 33 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. అల్బుమిన్ కూడా ఇచ్చినవాళ్లలో అది 10 శాతమే. ఆసుపత్రిలో మరణాలు 29 శాతం నుంచి 10 శాతానికి తగ్గాయి. క్రియాటినిన్ 1 దాటినవాళ్లకు, కామెర్లు బాగా ముదిరినవాళ్లకు ఈ మేలు ఎక్కువ.

మోతాదు మొదటిరోజు కిలో బరువుకు 1.5 గ్రాములు, మూడోరోజు 1 గ్రాము. 60 కిలోల మన రోగికి మొదటిరోజు 90 గ్రాములు కావాలి. మార్కెట్లో దొరికే 20 శాతం అల్బుమిన్ 100 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములుంటుంది. అంటే నాలుగున్నర సీసాలు. మూడోరోజు మూడు సీసాలు. ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా గమనిస్తూ నెమ్మదిగా ఎక్కిస్తారు.

మందు పనిచేస్తోందో లేదో తేల్చేది కూడా ఆ గుణకారమే. అనుమానం ఉంటే 48 గంటలకు మళ్లీ నీరు తీసి చూస్తారు. రెండోసారి మన రోగికి తెల్లకణాలు 260, న్యూట్రోఫిల్స్ 40 శాతం వచ్చాయనుకుందాం. 104. మందు సరిపోయింది. కనీసం నాలుగో వంతైనా తగ్గకపోతే క్రిమి లొంగలేదనో, చిల్లు ఉందనో అర్థం చేసుకుని మందు మారుస్తారు, స్కాన్ తీస్తారు.

ఏది ఒకసారి, ఏది ప్రతిసారి

మన రోగికి జ్వరం లేదు, నొప్పి లేదు అని మొదట్లో అనుకున్నాం. పొట్ట నిండా నీరున్నప్పుడు వాచిన పొరలు ఒకదానికొకటి రాసుకోవు కాబట్టి పొట్ట గట్టిగా, నొప్పిగా ఉండకపోవచ్చు. మగత, మూత్రం తగ్గడం, ఉన్నట్టుండి నీరసం. కొన్నిసార్లు ఇవే గుర్తులు. అందుకే పొట్టలో నీరున్న సిర్రోసిస్ రోగి ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా, కాలు విరిగి చేరినా సరే, చేరిన రోజే నీరు తీసి కణాలు లెక్కించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. 12 గంటలు దాటి ఆలస్యం చేసినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ‘రక్తం పలచగా ఉంది, సూది గుచ్చితే ప్రమాదం’ అని ఆపడం కూడా చాలాసార్లు సరికాదు. సిర్రోసిస్‌లో రక్తం గడ్డకట్టే పరీక్షలు చెడి కనిపించడం మామూలే. సన్న సూదితో కొంచెం నీరు తీసినప్పుడు తీవ్రంగా రక్తం పోవడం చాలా అరుదు.

ఒకసారి ఎస్‌బీపీ వచ్చి తగ్గినవాళ్లకు అది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే రోజూ నార్‌ఫ్లాక్సాసిన్ లాంటి మాత్ర చాలాకాలం వాడమంటారు, లివర్ మార్పిడికి అర్హత ఉందేమో చూడమంటారు. ఆయాసం తగ్గడానికి లీటర్ల కొద్దీ నీరు తీయించుకునే రోగుల సంగతి కూడా ఇంతే. తీసిన నీరంతా బకెట్లోకి పోకుండా, ఒక ట్యూబు మాత్రం ప్రతిసారీ ల్యాబ్‌కు పోవాలి. సాగ్ మొదటిసారి 1.8 వచ్చి సిర్రోసిస్ అని తేలిపోయాక దాన్ని ప్రతిసారీ కొలిపించి డబ్బు పోసుకోనక్కర్లేదు. వెంట వచ్చినవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఇవాళ తీసిన నీటిలో న్యూట్రోఫిల్స్ లెక్క ఎంత వచ్చింది, డాక్టరుగారూ?’